గ్రామసభ మినిట్సు: సభ లేవకముందే రాయాల్సిన పుస్తకం

గ్రామసభ మినిట్సు పుస్తకాలు తిరగేస్తూ పోతే చాలా ఊళ్లలో ఒకటే వాక్యం ఎదురవుతుంది. “గ్రామంలోని సమస్యలపై చర్చించి, పరిష్కారానికి తగు చర్యలు తీసుకొనుటకు ఏకగ్రీవంగా తీర్మానించడమైనది.” ఈ వాక్యం శ్రీకాకుళం జిల్లా ఊరికీ అతుకుతుంది, ఆదిలాబాద్ జిల్లా ఊరికీ అతుకుతుంది. నిరుటి సభకూ పనికొస్తుంది, వచ్చే ఏటి సభకూ పనికొస్తుంది. సమస్య ఏమిటి, ఎవరు లేవనెత్తారు, తగు చర్య అంటే ఏ చర్య, ఎవరు తీసుకోవాలి, ఎప్పటిలోగా? ఇవేవీ అందులో లేవు. ఆ సాయంత్రం మైకు ముందు నిలబడి అరగంట మాట్లాడిన మనిషి ఆర్నెల్ల తరువాత వచ్చి “ఆ రోజు చెప్పాను కదా” అంటే, చెప్పినట్టు ఆధారమే ఉండదు. ఈ పుస్తకాన్ని ఎలా రాయాలో, ముఖ్యంగా జనం చెప్పుకున్న కష్టాలను అందులోకి ఎలా ఎక్కించాలో ఇవాళ మాట్లాడుకుందాం.

ముందు ఒక తేడా గుర్తుంచుకోవాలి. పంచాయతీ సమావేశం వేరు, గ్రామసభ వేరు. మొదటిది సర్పంచి, వార్డు సభ్యుల సమావేశం. రెండోది ఊరి ఓటర్లందరి సభ. 1993లో అమల్లోకి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ గ్రామసభను ఓటర్ల జాబితాతోనే నిర్వచించింది. పంచాయతీ పరిధిలోని ఓటర్ల జాబితాలో పేరున్న ప్రతి ఒక్కరూ అందులో సభ్యులే. అందుకే ఈ రెండిటికీ రెండు పుస్తకాలు ఉండాలి. ఒకే పుస్తకంలో ఒకదాని వెనక ఒకటి రాసుకుంటూ పోతే కొన్నాళ్లకు ఏ తీర్మానం పదిమంది సభ్యులు చేసిందో, ఏది ఊరంతా కూర్చుని చేసిందో తేల్చలేం. ఏదైనా వివాదం వచ్చి విచారణ అధికారి వచ్చినప్పుడు మొదట అడిగేది ఆ సంగతే.

పుస్తకం పేజీలకు వాడకముందే వరుస నంబర్లు వేయాలి. ఎన్ని పేజీలున్నాయో మొదటి పేజీలో రాసి కార్యదర్శి సంతకం పెట్టాలి. విడి కాగితాల మీద రాసి తరువాత అంటించే అలవాటు మంచిది కాదు. అంటించినది ఊడదీయడం తేలిక. తప్పు పడితే తెల్ల రంగు పూయకుండా, ఒక గీత కొట్టి, కింద ఏముందో కనబడనిచ్చి, పక్కన పొట్టి సంతకం చేస్తే చాలు.

ఇక హాజరు. సభ ఎప్పుడు, ఎక్కడ, ఎన్ని గంటలకు మొదలైంది, అధ్యక్షత ఎవరు వహించారు, నోటీసు ఏ తేదీన ఇచ్చారు, చాటింపు వేయించారా, ఏయే వీధుల్లో వేయించారు అన్న నాలుగైదు వరుసలు పైన రాశాక హాజరు పట్టీ మొదలవుతుంది. వరుస సంఖ్య, పేరు, తండ్రి లేదా భర్త పేరు, వార్డు, సంతకం. చదువు రానివాళ్లయితే వేలిముద్ర తీసుకుని, అది ఎవరిదో పక్కనే రాసి, రాసినవాళ్లు సంతకం చేయాలి. పేరు లేని వేలిముద్ర ఎవరిదో ఆ తరువాత ఎవరూ చెప్పలేరు.

ఈ పట్టీ నిజమైనదా, సభ అయ్యాక ఇల్లిల్లూ తిరిగి నింపినదా అన్నది అనుభవం ఉన్న కళ్లకు ఇట్టే తెలిసిపోతుంది. నిజంగా సభకు వచ్చినవాళ్లు వరసలో రారు. మూడో వార్డు మనిషి వెనక ఏడో వార్డు ఆమె, ఆమె వెనక ఒకటో వార్డు ముసలాయన, ఇలా కలగాపులగంగా ఉంటుంది. తరువాత నింపిన పట్టీలో ఇంటి నంబర్లు బుద్ధిగా ఒకదాని వెనక ఒకటి నడుస్తాయి. ఒక ఇంట్లో నలుగురుంటే నలుగురి సంతకాలూ ఒకే చేతిరాతలో ఉంటాయి. గల్ఫులో ఉన్న కొడుకు సంతకం, పోయినేడు కాలం చేసిన పెద్దాయన సంతకం కూడా కనబడిన పట్టీలు ఉన్నాయి. రేషను కోసం తీసుకున్న సంతకాలు గ్రామసభ హాజరుగా మారిన సందర్భాల గురించి ఊళ్లలో జనం చెప్పుకుంటూనే ఉంటారు.

దీనికి విరుగుడు పెద్ద కష్టమేమీ కాదు. చివరి సంతకం కింద వెంటనే అడ్డగీత గీయాలి. గీత కింద మొత్తం ఎందరు, అందులో మహిళలు ఎందరు, పురుషులు ఎందరు అని అంకెల్లోనూ అక్షరాల్లోనూ రాసి సర్పంచి, కార్యదర్శి అక్కడే సంతకం చేయాలి. ఆ గీత పడ్డాక ఇంకో పేరు దూర్చే చోటుండదు. ఆలస్యంగా వచ్చినవాళ్ల కోసం గీత కింద వేరే శీర్షిక పెట్టి, వచ్చిన సమయం వేసి రాసుకోవచ్చు. అధికారులు, పథకాల సిబ్బంది, పక్క ఊరి నాయకులు, పత్రికల వాళ్లు మరో పట్టీలోకి పోవాలి. వాళ్లు కోరం లెక్కలోకి రారు.

కోరం ఎందుకు ముఖ్యమో ఒక మాట. తెలంగాణలో 2018 పంచాయతీరాజ్ చట్టం గ్రామసభ రెండు నెలలకొకసారి జరగాలని చెప్పి, ఊరి ఓటర్ల సంఖ్యను బట్టి కనీసం ఎందరు ఉండాలో కూడా నిర్ణయించింది. అడవి హక్కుల వ్యవహారంలోనైతే లెక్క ఇంకా గట్టిది. అటవీ హక్కుల నియమాలను 2012లో సవరించాక, పట్టాల అర్జీలు చూసే గ్రామసభలో సభ్యుల్లో కనీసం సగం మంది ఉండాలి, హాజరైనవారిలో మూడో వంతుకు తక్కువ కాకుండా మహిళలు ఉండాలి. వ్యక్తుల హక్కుల మీద నిర్ణయం చేసేటప్పుడు అర్జీదారుల్లో, లేదా వారి తరఫువారిలో, కనీసం సగం మంది కూడా ఉండాలి. పాడేరు వైపు ఊళ్లోనైనా, ఏటూరునాగారం వైపు గూడెంలోనైనా మహిళల సంఖ్య విడిగా రాయకపోతే ఆ మూడో వంతు ఉందో లేదో నిరూపించే దారి లేదు. నిజంగా మహిళలు నిండుగా వచ్చిన సభ కూడా కాగితం మీద తేలిపోతుంది. కోరం చాలకపోతే “ఇంతమంది మాత్రమే వచ్చారు, సభ ఫలానా తేదీకి వాయిదా” అని రాసి లేవాలి. అది సిగ్గుపడే సంగతి కాదు. సభ జరగలేదన్న నిజం కూడా రికార్డే.

కొత్తగా కాపురానికొచ్చిన కోడలి సంగతి తరచూ అడుగుతారు. ఆమె ఓటు ఇంకా పుట్టింటి ఊళ్లోనే ఉంది. కోరం లెక్కలో ఆమెను చేర్చకూడదు, తీర్మానానికి చేయెత్తించకూడదు. కానీ ఆమె ఇంటికి నీళ్లు రాకపోతే ఆ మాట చెప్పుకోనివ్వాలి, రాసుకోవాలి. ఫిర్యాదు రాయడానికి ఓటు అడ్డం కాదు.

ఇప్పుడు అసలు విషయంలోకి వద్దాం. ఒక ఊరు ఊహించుకోండి. నాలుగో అంశంగా తాగునీరు వచ్చింది. అయిదో వార్డు కాలనీ నుంచి ఒకాయన లేచి, “ఆరు వారాలైంది సార్, మా వీధి చివర పదకొండిళ్లకు చుక్క నీరు రావడంలేదు, వీధి మొదట్లో మాత్రం బిందెలు నిండి కారిపోతున్నాయి” అన్నాడు. మరో ముగ్గురు అవునన్నారు. పంపు ఆపరేటరు లేచి, ఆ వైపు వాల్వు రోజూ నలభై నిమిషాలు తెరుస్తున్నానని, చివరకు పోయేసరికి ఒత్తిడి ఉండడంలేదని చెప్పాడు. అప్పుడు వెనక నుంచి ఒకావిడ గట్టిగా, “ఒత్తిడెందుకుంటుంది, పైన ఇళ్లవాళ్లు పైపుకే మోటార్లు బిగించి లాగేస్తుంటే” అంది. అక్కడ గొడవైంది. పది నిమిషాలకు సద్దుమణిగింది. సర్పంచి, “సరే, చూద్దాం” అన్నాడు.

మామూలుగా దీన్ని “అయిదో వార్డులో నీటి ఎద్దడి గురించి చర్చించడమైనది” అని రాసేస్తారు. ఎద్దడి అన్న మాటే ఇక్కడ తప్పు. నీళ్లు తక్కువై ఎద్దడి రాలేదు, ఉన్న నీళ్లు చివరిదాకా చేరడంలేదు. ఈ రెండిటికీ మందు వేరు. ఎద్దడి అని రాస్తే బోరు వేయాలన్న ప్రతిపాదన పుడుతుంది. బోరుకు డబ్బు ఖర్చయినా ఆ పదకొండిళ్లకు నీళ్లు రావు. మినిట్సు రాసేవాళ్లు ఫిర్యాదును తమ మాటల్లో కుదించేటప్పుడు జరిగే నష్టం ఇదే.

నేనైతే ఇలా రాయమంటాను. “అంశం 4, తాగునీరు. అయిదో వార్డు రెండో వీధికి చెందిన ఫలానా వారు, గత ఆరు వారాలుగా వీధి చివరి 11 ఇళ్లకు కుళాయి నీరు అందడంలేదని, వీధి మొదటి ఇళ్లకు అందుతున్నదని తెలిపారు. అదే వీధివారు మరో ముగ్గురు బలపరిచారు. పంపు ఆపరేటరు, వాల్వు రోజూ 40 నిమిషాలు తెరుస్తున్నానని, చివర ఒత్తిడి ఉండడంలేదని వివరించారు. లైనుకు మోటార్లు బిగించి నీరు లాగుతున్నారని ఒక మహిళ తెలిపారు. కొందరు ఆ మాటను కాదన్నారు.” బలపరిచిన ముగ్గురి పేర్లూ పెట్టాలి. ఇక్కడ రేడియోలో నేను ఫలానా అన్నాను గాని పుస్తకంలో ఫలానా ఉండకూడదు.

మోటార్ల మాట రాసిన తీరు గమనించారా? ఆవిడ అన్నట్టుగా రాశాం, సభ తేల్చినట్టుగా రాయలేదు. ఆవిడ ఎవరి పేరైనా చెప్పి ఉంటే ఆ పేరు పట్టుకుని “ఫలానావాడు నీళ్లు దొంగిలిస్తున్నాడు” అని తీర్మానంలోకి ఎక్కించడం ప్రమాదం. సభ విచారణ చేయలేదు, ఎదుటివాడి మాట వినలేదు. అలాగని గొడవవుతుందని ఆ మాటనే వదిలేయడం మరీ అన్యాయం. అసలు కారణం బహుశా అదే కావచ్చు. ఆరోపణను ఆరోపణగా రాయాలి, కాదన్నవారి మాటను కాదన్నట్టుగా రాయాలి, తేల్చే పని ఎవరికి అప్పగించారో రాయాలి. తిట్లు, కులం పేరెత్తి అన్న మాటలు వచ్చి ఉంటే అవి మాత్రం వేరే సంగతి. అటువంటిది జరిగితే “కొంత వాగ్వాదం జరిగినది” అని మెత్తగా కప్పెట్టకూడదు. ఎవరి మీద ఎవరు ఫిర్యాదు చేశారో అంతవరకు రాసి, ఆ ఫిర్యాదును పోలీసు స్టేషనులో ఇవ్వవచ్చని చెప్పినట్టు కూడా రాయాలి.

ఇక “సరే, చూద్దాం” అన్న సర్పంచి మాట. దాన్ని నిర్ణయంగా మార్చాల్సింది రాసేవాళ్లే. కార్యదర్శి అక్కడే కలం ఎత్తి, “సర్పంచి గారూ, ఎవరు చూడాలి, ఎప్పుడు చూడాలి, చెప్పండి, రాసుకుంటాను” అని అడగాలి. మర్యాదగా అడిగితే చాలు. అడిగితేనే జవాబు వస్తుంది. అప్పుడు ఇలా రాయవచ్చు. “నిర్ణయం: వచ్చే సోమవారం ఉదయం నీరు వదిలే సమయంలో పంపు ఆపరేటరు, అయిదో వార్డు సభ్యురాలు, ఫిర్యాదు చేసినవారు కలిసి లైను మొదటి నుంచి చివరి వరకు చూడాలి. మోటార్లు బిగించినట్టు కనిపిస్తే కార్యదర్శి నోటీసు ఇవ్వాలి. వాల్వు మార్చాలా, పైపు మార్చాలా అన్నది తాగునీటి విభాగం ఇంజనీరుకు చూపించి 15 రోజుల్లో అంచనా తెప్పించాలి. అప్పటివరకు ఆ 11 ఇళ్లకు రోజు విడిచి రోజు ట్యాంకరు పంపాలి. బాధ్యత: కార్యదర్శి.”

ఇక్కడ రూపాయల అంకె లేదని మీకు తోచి ఉంటుంది. కావాలనే పెట్టలేదు. అంచనా రాకముందే గాల్లోంచి ఒక మొత్తం తెచ్చి రాస్తే తరువాత ఆ అంకే పట్టుకుని బిల్లు చేస్తారు. అంచనా వచ్చాక ఖర్చు ఏ పద్దు నుంచి అన్నది పంచాయతీ సమావేశం ముందుకు వస్తుంది. 15వ ఆర్థిక సంఘం పల్లెలకిచ్చిన నిధుల్లో 2021 నుంచి 2026 వరకు 60 శాతం తాగునీరు, పారిశుధ్యానికే కట్టిపడేసి ఇచ్చింది. ఏ పద్దులో ఎంత మిగిలిందో తెలియకుండా సభలో మంజూరు చేసేయడం తొందరపాటే అవుతుంది.

సభలో వచ్చే మాటల్లో అన్నిటికీ పంచాయతీ జవాబుదారీ కాదు. వీధి దీపం, మురుగు కాలువ, చెత్త బండి పంచాయతీ పని. రేషను కార్డు, పింఛను, పట్టాదారు పాసుపుస్తకం వేరే శాఖల పని, వీటిని సభ మంజూరు చేయలేదు, పైకి పంపగలదు. హద్దు గట్ల తగాదా విచారణ తరువాత గాని తేలదు. మూడింటికీ “తీర్మానించడమైనది” అనే రాస్తే, పింఛను మంజూరైందనుకుని అవ్వ వచ్చే నెల ఒకటో తేదీన వచ్చి కూర్చుంటుంది. పైకి పంపాల్సినవాటికి, “అర్జీ తీసుకోవడమైనది, ఫలానా కార్యాలయానికి ఫలానా తేదీలోగా పంపాలి” అని రాయాలి. పంపిన ఉత్తరం నంబరు, తేదీ తరువాత అదే వరుస పక్కన ఎక్కించుకోవడానికి ఖాళీ గడి ఉంచాలి. ఆ గడి ఎన్నాళ్లు ఖాళీగా ఉందన్నదే ఆ కార్యాలయపు పనితీరును బయటపెడుతుంది. అర్జీ ఇచ్చినవారికి అక్కడే చిన్న రశీదు ఇవ్వాలి. రశీదు మీది నంబరూ పుస్తకంలోని నంబరూ ఒకటే కావాలి.

అర్జీలు గుట్టగా పడే సభలు ఇంకో రకం. 2025 జనవరి 21 నుంచి 24 వరకు తెలంగాణ ఊళ్లలో రైతు భరోసా, ఇందిరమ్మ ఆత్మీయ భరోసా, కొత్త రేషను కార్డులు, ఇందిరమ్మ ఇళ్ల కోసం గ్రామసభలు పెట్టారు. జాబితాలు చదివారు, పేరు లేనివాళ్లు మళ్లీ అర్జీలిచ్చారు, అభ్యంతరాలు లేచాయి. ఇటువంటి సభలో మినిట్సు రాసేవాళ్ల మీద పడే బరువు చాలా ఎక్కువ. అయినా మూడు సంగతులు తప్పనిసరిగా పట్టుకోవాలి. మొదటిది, చదివిన జాబితాను అనుబంధంగా చేర్చి, ప్రతి పేజీ మీద సర్పంచి, కార్యదర్శి సంతకాలు చేయాలి, లేకపోతే సభలో చదివిన జాబితా ఒకటి, మండలానికి పోయిన జాబితా ఇంకొకటి అయ్యే వీలుంది. రెండోది, ఏ పేరు మీద ఎవరు ఏమని అభ్యంతరం చెప్పారో ఆ పేరు ఎదురుగానే రాయాలి. “ఈయనకు పక్కా ఇల్లుంది” అన్నది ఒక అభ్యంతరం, “ఈ పేరు మనిషి ఊళ్లోనే లేడు” అన్నది వేరొకటి. వాటిని విడదీయకుండా “కొన్ని పేర్లపై అభ్యంతరాలు వచ్చినవి” అంటే విచారించే అధికారికి ఏం వెతకాలో తెలియదు. ఇక మూడోది, కొత్త అర్జీల మొత్తం సంఖ్య సభ లేచేలోగా పుస్తకంలో పడాలి. మర్నాడు అర్జీలు పెరిగినా తగ్గినా ఆ అంకె సాక్ష్యమిస్తుంది.

“ఏకగ్రీవం” అన్న మాట వాడకం మీద కూడా కాస్త జాగ్రత్త అవసరం. ఎవరూ కాదనకపోతేనే అది ఏకగ్రీవం. ఒక్కరు కాదన్నా చేతులెత్తించి అనుకూలం ఎందరు, వ్యతిరేకం ఎందరు అని లెక్కించి రాయాలి. కాదన్నవారు కారణం చెబితే ఒక వాక్యంలో అదీ రాయాలి. కొందరు సర్పంచులకు ఇది అవమానంగా తోస్తుంది గాని, తరువాత తగువొస్తే వాళ్లను కాపాడేది ఆ లెక్కే.

గ్రామసభ కాగితం ఎంతదూరం పోగలదో నియమగిరి చూపించింది. ఒడిశాలో ఆ కొండల మీద బాక్సైటు తవ్వకం గురించి 2013 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు నిర్ణయాన్ని అక్కడి గ్రామసభలకు వదిలింది, జిల్లా న్యాయాధికారులను పరిశీలకులుగా పెట్టమంది. రాయగడ, కలహండి జిల్లాల్లో పన్నెండు ఊళ్లలో సభలు జరిగాయి. పన్నెండూ కాదన్నాయి. ఆ తీర్మానాల మీదే 2014 జనవరిలో కేంద్ర పర్యావరణ శాఖ అనుమతి నిరాకరించింది. అక్కడ ఎవరు హాజరయ్యారు, ఏమన్నారు అన్నది న్యాయాధికారి కళ్లముందు రాయబడింది గనుక దాన్ని కాదనడం కష్టమైంది. మన ఊళ్లలో సభకు న్యాయాధికారి రారు. ఆ పని సభలో ఉన్న జనమే చేయాలి.

ఎలా అంటే, సభ లేవకముందే రాసినది చదివించుకోవాలి. ఈ ఒక్క అలవాటు లేకనే చాలా పుస్తకాలు పాడయ్యాయి. సభలో కార్యదర్శి చిత్తు కాగితం మీద గీకుతాడు, వారం తరువాత తీరిక చూసుకుని పుస్తకంలోకి ఎక్కిస్తాడు, ఆ వారంలో కొన్ని మాటలు పోతాయి, కొన్ని కొత్తవి వస్తాయి. కార్యదర్శి ఒక్కడే సభ నడిపించి, జాబితాలు చదివి, జవాబులు చెప్పి, రాసుకోవాలంటే నిజంగానే కుదరదు. అందుకని రాయడానికి చేతిరాత బాగున్న మరొకరిని, ఊళ్లో డిగ్రీ చదివిన అమ్మాయినో, స్వయం సహాయక సంఘంలో పుస్తకాలు రాసే ఆవిడనో కూర్చోబెట్టుకోవచ్చు. మహిళా సంఘాల పుస్తకాలు ఎంత శుభ్రంగా ఉంటాయో చూసినవాళ్లకు ఈ సలహా వింతగా తోచదు. బాధ్యత, సంతకం మాత్రం కార్యదర్శివే. అంశం ముగిసినప్పుడల్లా ఆ నాలుగు వాక్యాలు మైకులో చదివితే సభ ఇంకో ఇరవై నిమిషాలు సాగుతుందేమో. “నేనట్లా అనలేదయ్యా, ఆరు వారాలన్నాను, ఆరు రోజులు కాదు” అని అప్పుడే దిద్దించవచ్చు. చివరి వాక్యం కింద ఖాళీ వదలకుండా గీత గీసి, ముగిసిన సమయం వేసి, అధ్యక్షత వహించినవారు, కార్యదర్శి సంతకాలు చేయాలి. సభలో ఉన్నవారు ఇద్దరు ముగ్గురు, వీలైతే వేర్వేరు వార్డులవారు, సాక్షి సంతకాలు చేస్తే ఇంకా గట్టిది.

తరువాతి సభ ఈ పుస్తకంతోనే మొదలు కావాలి. ఉపాధి హామీ పనుల తనిఖీ కోసం 2011లో చేసిన నియమాల్లో, వెనకటి సామాజిక తనిఖీ మీద తీసుకున్న చర్యల నివేదికను కొత్త సభ మొదట్లోనే చదవాలని పెట్టారు. మిగతా గ్రామసభలకూ అదే పద్ధతి పెట్టుకోవచ్చు. అయిదో వార్డు సంగతి చదివితే ఇలా ఉంటుంది. సోమవారం చూశారు. రెండు ఇళ్ల దగ్గర లైనుకు మోటార్లు కనిపించాయి. నోటీసు ఇచ్చారు, ఒకరు తీసేశారు, ఒకరు తీయలేదు. ఇంజనీరు వచ్చాడు, అంచనా ఇంకా రాలేదు. ట్యాంకరు నాలుగుసార్లు వెళ్లి ఆగిపోయింది. ఇందులో సగమే అయింది, అయినా ఏ సగం కాలేదో ఊరికి తెలుస్తుంది, ఇవాళ ఎవరిని అడగాలో కూడా తెలుస్తుంది. కాని పని మీద మళ్లీ కొత్త తీర్మానం రాయకుండా, పాత నంబరు కిందే “పెండింగు, కారణం ఇది, కొత్త గడువు ఇది” అని రాయాలి. కొత్త నంబరు ఇస్తే ఆలస్యం కనబడదు.

మీ ఊరి సభలో మీరు చెప్పిన మాట పుస్తకంలో ఎలా పడిందో చూడాలనుకుంటే పంచాయతీ కార్యాలయంలో అడగండి. చూపించకపోతే 2005 సమాచార హక్కు చట్టం ఉంది. ఉమ్మడి రాష్ట్రంలో చేసిన రుసుముల నియమాల ప్రకారం గ్రామ స్థాయి కార్యాలయంలో దరఖాస్తుకు ఫీజు లేదు, నకలు పేజీలకు మాత్రం డబ్బు కట్టాలి. దరఖాస్తులో “గ్రామసభ వివరాలు ఇవ్వగలరు” అని రాస్తే తీర్మానాల పేజీ ఒక్కటే చేతిలో పెట్టి పంపేస్తారు. సభ తేదీ వేసి, హాజరు పట్టీ, చదివిన జాబితా, వచ్చిన అర్జీల పట్టీ, తీసుకున్న చర్యల నివేదిక, వీటన్నిటి నకళ్లూ కావాలని విడివిడిగా రాయండి. హాజరు పట్టీ చేతికి వచ్చాక ముందు చివరి పేరు కింద గీత ఉందో లేదో చూడండి.